మూడు నిమిషాల స్వాగతోపన్యాసంలో ఎవరి పేర్లు ఉండాలి?

ప్రశ్న: మా పట్టణంలో ఏటా పుష్యమాసంలో త్యాగరాజ ఆరాధనోత్సవం జరుపుతాము. ఈ సంవత్సరం నన్ను సంఘానికి కార్యదర్శిగా ఎన్నుకున్నారు. సాయంత్రం సభలో స్వాగతోపన్యాసం చేయవలసింది నేనే. నిరుడు అది 18 నిమిషాలు సాగి కచేరి ఆలస్యమైంది. ఈసారి మూడు నిమిషాలు దాటరాదని అధ్యక్షులవారు కచ్చితంగా చెప్పారు. నేను రాసుకున్నది రెండు పేజీలు వచ్చింది, అందులో 26 పేర్లు ఉన్నాయి. ఏ పేరు తీసినా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. నేనేం చేయాలి? రాసిన ప్రతిని జతచేస్తున్నాను.

సమాధానం: మీ ప్రతిని గడియారం ముందు పెట్టుకొని, సభలో మాట్లాడే వేగంతోనే గట్టిగా చదివాను. 8 నిమిషాల 40 సెకన్లు పట్టింది. తరువాత పేర్లను మాత్రమే, మీరు వాటికి ముందు వెనుక చేర్చిన బిరుదులతో, విశేషణాలతో సహా విడిగా చదివితే ఒక్కొక్క పేరుకు ఎనిమిది, తొమ్మిది సెకన్ల చొప్పున దాదాపు 3 నిమిషాల 45 సెకన్లు అయింది. అంటే త్యాగరాజస్వామి గురించి రాసినదంతా, సంఘం చరిత్ర అంతా, జమాఖర్చులు అంతా కొట్టివేసి పేర్లు మాత్రమే మిగిల్చినా మీరు మూడు నిమిషాలు దాటుతారు. కాబట్టి ఇక్కడ ఒక వాక్యం, అక్కడ ఒక వాక్యం తగ్గించుకుంటూ పోతే ఈ పని తెమలదు. స్వాగతం ఎవరికి చెప్పాలన్నది ముందు తేల్చుకోవాలి.

మన ఇళ్లలో పెళ్లి జరిగేటప్పుడు విడిదికి వెళ్లి మగపెళ్లివారిని ఎదుర్కొని తీసుకువచ్చే పెద్దమనిషి, తన పక్కనే నిలబడ్డ తమ్ముడికీ బావమరిదికీ స్వాగతం చెప్పడు. వాళ్లు ఆడపెళ్లివారు, స్వాగతం పలికే పక్షంలోని మనుషులు. మీ 26 పేర్లనూ ఈ లెక్కన చూడండి. అధ్యక్షులు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కోశాధికారి, తొమ్మిది మంది కార్యవర్గ సభ్యులు మీతో పాటు ఇంటివారే, కాబట్టి 13 పేర్లు తీసివేయవచ్చు. అన్నప్రసాదానికి బియ్యం ఇచ్చినవారు, మైకు ఖర్చు భరించినవారు, కళాకారుల బసకు గదులు ఇచ్చినవారు, పందిరి వేయించినవారు కలిపి తొమ్మిది మంది ఉన్నారు. ఉత్సవాన్ని తమ భుజాల మీద మోసినవారు గనుక వారు కూడా ఆతిథ్యం ఇచ్చే పక్షంలోనే ఉన్నారు. వారికి చెప్పవలసింది కృతజ్ఞత, దానికి సభలో వేరే చోటు ఉంది. ఇక మిగిలినవి నాలుగు పేర్లు: ముఖ్య అతిథి, గాయకులు, వయొలిన్ విద్వాంసురాలు, మృదంగ విద్వాంసులు. బయటి నుంచి మీ పిలుపు అందుకొని వచ్చినవారు ఈ నలుగురూ, ఎదురుగా కూర్చున్న రసికులూ మాత్రమే.

సభానిర్వహణలో నాలుగు పనులు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వల్లనే స్వాగతం ఇంత సాగుతోంది. పెద్దలను పేరుపేరునా వేదిక మీదికి పిలవడం ఆహ్వానం, అది సభను నడిపే వ్యాఖ్యాత చేస్తారు. వచ్చినవారిని పలకరించడం స్వాగతం, అది మీది. సంవత్సరం పొడుగునా సంఘం ఏం చేసిందో, ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో చెప్పడం కార్యదర్శి నివేదిక. సాయం చేసినవారిని తలచుకోవడం వందన సమర్పణ. స్వాగతమూ నివేదికా రెండూ కార్యదర్శి చేతిలోనే ఉండడంతో చాలా సంఘాల్లో అవి ఒకే ప్రసంగమైపోయాయి. మీ రెండో పేజీలో సగం నివేదికే. దానిని ఒక కాగితానికి రెండు వైపులా అచ్చు వేయించి కుర్చీల మీద ఉంచండి. అంకెలు చెవితో విని గుర్తుపెట్టుకునేవి కావు, పైగా చందా ఇచ్చినవారు ఆ కాగితాన్ని ఇంటికి తీసుకువెళ్లి నింపాదిగా చదువుకుంటారు.

వందన సమర్పణను మాత్రం కచేరి తరువాతకు నెట్టకండి. గాయకులు మంగళం పాడిన తరువాత మళ్లీ మైకు అందుకొని మాట్లాడడం సంగీత సభకు తగదు, అప్పటికి లేచి చెప్పులు వెతుక్కునే జనం ముందు దాతల పేర్లు చదవడం వారికి గౌరవమూ కాదు. కళాకారుల సన్మానం ముగిసిన వెంటనే, వేదిక మీద కుర్చీలు తీసి తివాచీ పరుస్తుండగా, వేదిక కింద ఒక పక్కన నిలబడి సహకార్యదర్శి మూడు నిమిషాల్లో వందన సమర్పణ చేయవచ్చు. ఆ తొమ్మిది మంది దాతలకూ నిండుగా కూర్చున్న సభ అప్పుడే దొరుకుతుంది.

ఇక నొచ్చుకోవడం సంగతి. నేను మా ఊరి సంఘానికి తొమ్మిదేళ్లు కార్యదర్శిగా ఉన్నాను కనుక, ఈ భయం ఎంత నిజమైనదో నాకు తెలుసు. రెండో సంవత్సరం నేను మాట్లాడుతుండగా వేదిక కింద నుంచి ఒకరు చీటీ అందించారు. అందులో ఒక దాత పేరు ఉంది. చదివాను. ఆ పేరు వినగానే ఇంకో రెండు చీటీలు వచ్చాయి. అవీ చదివాను. సభ ముగిశాక తెలిసిందేమిటంటే, మూడు రోజులూ వంటకు బియ్యం, కందిపప్పు ఇచ్చిన పెద్దాయన చివరి వరుసలో కూర్చొని ఉన్నారు, ఆయన కోసం ఎవరూ చీటీ రాయలేదు. ఆ ముగ్గురి పేర్లు నేను చదవకపోయి ఉంటే ఆయన పేరు లేకపోవడం ఎవరికీ కనిపించేది కాదు. మరునాడు ఇంటికి వెళ్లి క్షమాపణ కోరాను. ఆయన ఏమీ అనుకోలేదన్నారు, కానీ తరువాతి ఏడాది బియ్యం వేరేచోట నుంచి తెచ్చుకోవలసి వచ్చింది.

అప్పటి నుంచి నేను పాటించిన నియమం ఒక్కటే. ఒక వర్గంలో ఒక పేరు చెబితే ఆ వర్గంలోని అందరి పేర్లూ చెప్పాలి, అందరివీ చెప్పలేకపోతే ఒక్కటీ చెప్పకూడదు. మనుషులు నొచ్చుకునేది తమ పేరు లేనందుకు కన్నా, పక్కవారి పేరు ఉండి తమది లేనందుకు. ఈ నియమాన్ని మీరొక్కరే నిర్ణయించుకొని వేదిక మీద అమలుచేస్తే నింద మీ మీద పడుతుంది. అందుచేత ఉత్సవానికి పది రోజుల ముందు జరిగే కార్యవర్గ సమావేశంలో, స్వాగతంలో వేదికపై అతిథుల, కళాకారుల పేర్లు మాత్రమే చెప్పాలనీ, దాతల పేర్లన్నీ ఆహ్వాన పత్రికలోనూ వందన సమర్పణలోనూ ఉండాలనీ, వేదిక మీదికి వచ్చే చీటీలన్నీ వందన సమర్పణ చేసేవారికే చేరాలనీ తీర్మానం రాయించి సంతకాలు తీసుకోండి. తరువాత ఆ తొమ్మిది మంది దాతలకూ మీరే ఫోన్ చేసి, వారి పేరు సభలో ఏ సమయంలో వస్తుందో ముందుగా చెప్పండి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పడుతుంది. మీ ప్రసంగం చిన్నది కావడానికి మీరు చేయగల పనుల్లో దీని అంత ఉపయోగపడేది మరొకటి లేదు.

ఉంచిన నాలుగు పేర్లూ తప్పు పోకూడదు. కళాకారుల ఇంటిపేరు, ఊరు, పొడి అక్షరాలు, 'విద్వాన్' అనాలా 'డాక్టర్' అనాలా అన్నది వారినే అడిగి రాసుకోండి. ఆహ్వాన పత్రికలో ఉన్న వరుసనే సభలోనూ పాటించండి. మీ ప్రతిలో గాయకులకు 'సంగీత సరస్వతీ వరపుత్రులు, గానగంధర్వులు' అని రాసి, మృదంగ విద్వాంసులకు పేరు మాత్రమే రాశారు. పక్కవాద్యాల వారిని ఇలా చిన్నచూపు చూసినట్లు కనిపించడం మీ ఉద్దేశం కాకపోయినా, వారు అది గమనిస్తారు. నలుగురికీ ఒకే తీరున, ఉన్న బిరుదు ఒక్కటి చేర్చి పేరు చెప్పి 'గారికి' అనండి, చాలు.

పేర్లు పోయాక మిగిలేది విషయం. మీరు త్యాగరాజస్వామి జీవితాన్ని పుట్టుక నుంచి సిద్ధి వరకు రాశారు. ఆ పని ముఖ్య అతిథిది, ఆవిడ సంగీత కళాశాలలో పాఠం చెప్పినవారని మీరే రాశారు. ఆవిడ చెప్పవలసిన మాటలను మీరు ముందే చెప్పేస్తే ఆవిడ వాటినే తిరిగి చెప్పవలసి వస్తుంది. అలాగే ప్రార్థన గీతం అప్పుడే ముగిసి ఉంటుంది గనుక మీరు మళ్లీ శ్లోకంతో మొదలుపెట్టనక్కరలేదు. చివర 'ఎందరో మహానుభావులు' అంటూ ముగించారు. శ్రీరాగంలోని ఆ ఐదో పంచరత్నాన్ని ఉదయమే గోష్ఠి అంతా కలిసి పాడి ఉంటారు. చెప్పలేకపోయిన పేర్లకు బదులుగా దానిని వాడుకోవడం నాకు నచ్చదు, ఆ కీర్తన అందుకోసం పుట్టలేదు. 'నాకు ఈ అవకాశం ఇచ్చినందుకు', 'సమయాభావం వల్ల', 'రెండు మాటలు చెప్పి ముగిస్తాను' వంటివి ఐదు చోట్ల ఉన్నాయి. వాటిని కొట్టివేస్తే దాదాపు అర నిమిషం కలిసివస్తుంది.

వీటన్నింటి మధ్య రెండో పేజీ అడుగున మీరు ఒక వాక్యం రాశారు: 'ఈ సంవత్సరం పంచరత్న గోష్ఠిలో 14 మంది చిన్నారులు కూడా పాల్గొనడం ముదావహం.' దానికి ముందు మైకు దాత పేరు, దాని తరువాత పందిరి దాత పేరు ఉన్నాయి. మీ ప్రసంగానికి ప్రాణం ఆ వాక్యమే. అందుకే దాని గురించి మీకు ఫోన్ చేసి అడిగాను. నిరుడు గోష్ఠిలో పిల్లలు ఒక్కరూ లేరనీ, ఈసారి దసరా వెళ్లినప్పటి నుంచి ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు గుడి మండపంలో సాధన చేశారనీ, నాటరాగంలోని మొదటి పంచరత్నం వరకు నేర్చుకున్నారనీ మీరు చెప్పారు. సభలో కూర్చున్నవారికి ఇది ఏ పుస్తకంలోనూ దొరకని సమాచారం, కార్యదర్శి మాత్రమే చెప్పగలిగింది. స్వాగతంలో ఆ సంవత్సరానికే చెందిన విషయం ఒకటి ఉంటే చాలు. ఇవన్నీ కలిపి మీ కోసం రాసిన ప్రతి ఇది. చుక్కలు ఉన్నచోట పేర్లు రాసుకోండి.

"సభకు నమస్కారం.

మా ఆహ్వానాన్ని మన్నించి విచ్చేసిన ముఖ్య అతిథి శ్రీమతి ……… గారికి, ఈ సాయంత్రం గానం చేయనున్న విద్వాన్ శ్రీ ……… గారికి, వయొలిన్ సహకారం అందించే విదుషి కుమారి ……… గారికి, మృదంగ విద్వాన్ శ్రీ ……… గారికి మన సంఘం పక్షాన సాదర స్వాగతం.

1847లో పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజస్వామి తిరువయ్యారులో, కావేరీ తీరాన సిద్ధి పొందారు. ఆ ఊరు తమిళనాట ఉంది, ఆయన పాడుకున్నది ఎక్కువగా మన తెలుగులో. ఆయన కీర్తనలను ఈ ఉదయం మన గుడి మండపంలో 60 మంది గొంతు కలిపి పాడారు.

ఆ 60 మందిలో 14 మంది పిల్లలు. నాటరాగంలోని మొదటి పంచరత్నం నేర్చుకోవడానికి వారు దసరా వెళ్లినప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే ఏడు గంటలకు ఇదే మండపానికి వచ్చారు. నిరుడు మన గోష్ఠిలో పిల్లలు ఒక్కరూ లేరు. ఈ సంవత్సరం మేము మీకు చెప్పదలచిన కొత్త కబురు ఇదే. ముందు వరుసలో కూర్చున్న ఆ పిల్లలకు, వారికి పాఠం చెప్పిన గురువుగారికి, చలిలో వారిని తీసుకువచ్చిన తల్లిదండ్రులకు ప్రత్యేకంగా స్వాగతం చెబుతున్నాను.

పక్క ఊళ్ల నుంచి వచ్చిన రసికులకు, ఏటా తప్పక వచ్చే పెద్దలకు, మొదటిసారి వచ్చినవారికి స్వాగతం. మంచినీళ్లు మండపం కుడివైపున ఉన్నాయి. కచేరి 6.30కు మొదలై 9 గంటలకు ముగుస్తుంది. ఆ తరువాత ప్రసాద వినియోగం ఉంటుంది.

ఇప్పుడు మా సంఘం అధ్యక్షులు శ్రీ ……… గారిని సభకు అధ్యక్షత వహించి తొలిపలుకులు పలకవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో అధ్యక్షులవారి పేరు స్వాగతంలో లేదు, పిలుపులో ఉంది. ఆయన ఇంటి పెద్ద గనుక అదే సరైన చోటు. గురువుగారి పేరు, పిల్లల పేర్లు చెప్పలేదు, ఎందుకంటే ఆ వర్గంలో తల్లిదండ్రులు కూడా ఉన్నారు, అందరి పేర్లూ చెప్పలేము. వందన సమర్పణలో గురువుగారి పేరు మొదట రావాలని సహకార్యదర్శికి చెప్పండి. మీ ఊళ్లో ఆరాధనను తిథి నాడు కాక దగ్గరలోని ఆదివారం నాడు జరుపుతున్నట్లయితే 'ఇదే రోజున' వంటి మాట ఎక్కడా చేర్చకండి, ఉన్న వాక్యం ఉన్నట్లే సరిపోతుంది. ఆ 60 అనే అంకెను మాత్రం ఉదయం గోష్ఠి ముగిశాక లెక్కపెట్టుకొని సరిదిద్దుకోండి.

పేర్లు నింపాక ఇది సుమారు 175 మాటలు అవుతుంది. మైకు ముందు నిదానంగా మాట్లాడినప్పుడు నాకు నిమిషానికి 80 మాటలకు మించి రావు, కాబట్టి రెండు నిమిషాల 10 సెకన్ల నుంచి 20 సెకన్ల లోపు ముగుస్తుంది. మిగిలిన 40 సెకన్లను ఇంకో పేరా రాయడానికి వాడుకోకండి. కుర్చీ నుంచి లేచి మైకు దగ్గరకు రావడానికి, దాని ఎత్తు సర్దుకోవడానికి, పిల్లల మాట చెప్పినప్పుడు సభ చప్పట్లు కొట్టడానికి ఆ సమయం ఖర్చవుతుంది. చప్పట్లు తగ్గేవరకు ఆగి, తరువాతి వాక్యం అందుకోండి.

ఇంట్లో సాధన చేసేటప్పుడు కూర్చొని, కళ్లతో చదివి సమయం చూసుకుంటే లెక్క తప్పుతుంది, మనసులో చదివే వేగం నోటికి ఉండదు. నిలబడి, గట్టిగా, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకొని మూడుసార్లు చదవండి. మూడోసారికి కూడా రెండున్నర నిమిషాలు దాటితే మీరు వేగం పెంచవద్దు, ఒక వాక్యం తీసివేయండి. పక్క ఊళ్ల రసికుల వాక్యాన్ని 'విచ్చేసిన రసికులందరికీ స్వాగతం' అని కుదించడానికి వీలుంది, పిల్లల పేరాను ముట్టుకోవద్దు. ప్రతిని ఒకే కాగితం మీద, ఒకవైపే, పెద్ద అక్షరాలతో ముద్రించుకోండి. ఫోన్‌లో చూసి చదివితే నడుమ తెర ఆరిపోవడం గానీ ఎవరో పిలవడం గానీ జరుగుతుంది. పేర్లను మాత్రం మీ చేతితో ఎర్ర సిరాతో, పలికే తీరున అక్షరాలు విడదీసి రాసుకోండి. మైకుకు నోటికి మధ్య జానెడు దూరం ఉంచితే గాలి చప్పుడు రాదు.

ముఖ్య అతిథి ఆలస్యమైతే సభను ఆపవద్దు. ఆవిడ పేరు వదిలి మిగిలిన ముగ్గురితో స్వాగతం ముగించండి. ఆవిడ వచ్చాక అధ్యక్షులవారు ఒక్క వాక్యంలో స్వాగతం చెప్పి మాట్లాడమని కోరతారు. ఆ సంగతి ఆయనతో ముందే అనుకోండి. మీరు మాట్లాడుతుండగా ఆవిడ లోపలికి వస్తే, అందుకున్న వాక్యాన్ని పూర్తిచేసి, ఆవిడ కూర్చునేవరకు ఆగి, పేరు చెప్పి కొనసాగించండి. మళ్లీ మొదటికి వెళ్లవద్దు.

ఇంకొక పని మిగిలి ఉంది, అది ప్రసంగం కన్నా ముందు చేయవలసింది. మృదంగ విద్వాంసులు కచేరికి కాస్త ముందు వాయిద్యం ఎడమవైపు మూతకు తడిపిన రవ్వ ముద్ద అద్దుతారు. ఆ ముద్ద తడిగా ఉన్నంతసేపే ఎడమవైపు గంభీరంగా పలుకుతుంది, ఆరిపోతే నాదం మారిపోతుంది. నిరుడు 18 నిమిషాల స్వాగతం జరుగుతున్నంతసేపూ ఆయన వేదిక పక్కన రవ్వ అద్దుకొని సిద్ధంగా కూర్చొని ఉంటే, కచేరి మొదలయ్యేసరికి దానిని మళ్లీ తడిపి సరిచేసుకోవలసి వచ్చి ఉండవచ్చు. ఈసారి ముందురోజు ఫోన్ చేసి, సభ ఆరింటికి మొదలవుతుందనీ, మీ స్వాగతం 6.08కి ముగుస్తుందనీ, వందన సమర్పణ 6.25కు మొదలవుతుందనీ చెప్పండి. ఆయన రవ్వ ఎప్పుడు తడపాలో దానిని బట్టి చూసుకుంటారు.